ఫ్రీ ఫాంటే కదా అని దించుకునే ముందు

గుంటూరులో ఒకావిడ ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టారనుకుందాం. సీసాకి అంటించే లేబులు కావాలి. దగ్గర్లో ఉన్న డీటీపీ షాపుకు వెళ్లి, పైన తెలుగులో పేరు లావుపాటి అక్షరాల్లో ఉండాలి, కింద ఇంగ్లిషులో అదే పేరు చేత్తో రాసినట్టు వంపులు తిరగాలి అని చెప్పారు. షాపులో కుర్రాడు తెలుగుకి గూగుల్ ఫాంట్స్ నుంచి ‘రామభద్ర’ తీసుకున్నాడు. ఇంగ్లిషుకి dafont.com లో వెతికి ఒక చేతిరాత ఫాంటు పట్టుకున్నాడు. రెండు చోట్లా పైసా అడగలేదు. జిప్ దిగింది, ఫాంటు ఇన్‌స్టాల్ అయింది, లేబులు తయారైంది, ఆవిడకి నచ్చింది.

ఫ్రీగా వచ్చిన ఆ రెండు ఫాంట్లలో ఒకటి మాత్రం ఆ సీసా మీద ఉండటానికి వీల్లేదు. ఆ సంగతి డౌన్‌లోడ్ బటన్ పైనే చిన్న అక్షరాల్లో రాసి ఉంది: Free for personal use. సొంత అవసరాలకు వాడుకుంటే ఉచితం అని. అమ్మకానికి పెట్టే పచ్చడి సీసా సొంత అవసరం కాదు.

ఆ సైటులో ప్రతి ఫాంటు దగ్గరా ఇలాంటి ముక్క ఒకటి ఉంటుంది. 100% Free అని కొన్నిటికి, Demo అని కొన్నిటికి, Donationware అని కొన్నిటికి, Public domain / GPL / OFL అని మరికొన్నిటికి. వెతికేటప్పుడు వీటిలో కావలసిన వాటికే టిక్కు పెట్టుకునే వీలుంది కానీ ఆ తొందరలో ఎవరూ పెట్టరు. పైగా ఈ ముక్క ఒక సూచన మాత్రమేనని, అసలు షరతులు జిప్‌లో ఉన్న రీడ్‌మీ ఫైలులో చూసుకోవాలని, ఏ లైసెన్సూ రాయకపోతే దాని అర్థం ఉచితమని కాదనీ ఆ సైటే చెబుతోంది. కాబట్టి సైటు మీద రాసింది ఒకటి, జిప్‌లో ఫాంటు తయారుచేసినవాళ్లు రాసింది ఇంకొకటి అయితే రెండోదే చెల్లుతుంది.

సొంత వాడకం ఎక్కడ ఆగుతుందో పెళ్లి శుభలేఖ దగ్గర బాగా తెలుస్తుంది. ఇంటి అమ్మాయి పెళ్లికి ఇంట్లోవాళ్లే కంప్యూటర్లో కార్డు చేసుకుంటే అది సొంత పని. అదే కార్డు డీటీపీ షాపులో డబ్బు తీసుకుని చేస్తే, పెళ్లివారికి అది సొంత పనే అయినా షాపువాడికి అది వ్యాపారం. ఫాంటు తన కంప్యూటర్లో పెట్టుకుని, దానితో పనిచేసి, కూలి తీసుకున్నది అతనే. చాలా రీడ్‌మీల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంటుంది: ఏ రూపంలో డబ్బు చేతులు మారినా అది కమర్షియల్ కిందికే వస్తుందని.

ఇలాంటి ఫాంట్లను పట్టించే ఆనవాళ్లు పనిచేస్తుండగానే కనిపిస్తాయి. ఫైలు పేరు చివర PersonalUse అనో DEMO అనో తోక ఉంటుంది. ధర వేయబోతే ₹ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వస్తుంది, లేదా వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. కొన్నిటిలో అంకెలు నొక్కితే అంకెలకు బదులు ‘పర్సనల్ యూజ్ ఓన్లీ’ అని ముద్ర పడుతుంది. ఫాంటు పాడైందనుకుని మరో చోట వెతుకుతారు గానీ, పూర్తి ఫాంటు కొనమని చేసినవాళ్లే అలా పెట్టారని చాలామందికి తట్టదు.

సరే, ఆ ఇంగ్లిషు ఫాంటే కావాలని పచ్చళ్లావిడ పట్టుబట్టారు. రీడ్‌మీలో ఉన్న చిరునామా పట్టుకుని, ఫాంటు చేసినవాళ్ల పేజీకి వెళ్లి డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు. అక్కడ మళ్లీ ఒక చిక్కు. డెస్క్‌టాప్, వెబ్, యాప్, ఈబుక్ అని నాలుగైదు రకాల లైసెన్సులు, ఒక్కోదానికి ఒక్కో ధర. ఒకే ఫాంటుకి ఇన్ని టిక్కెట్లేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దీన్ని విడదీసుకోవడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: ఫాంటు ఫైలు మన కంప్యూటరు దాటి బయటికి వెళ్తోందా, లేదా?

లేబులు అచ్చులో ఫైలు బయటికి వెళ్లదు. ఆ ఫాంటుతో గీసిన అక్షరాల బొమ్మ మాత్రమే కాగితం మీదికి ఎక్కుతుంది. దీనికి డెస్క్‌టాప్ లైసెన్సు చాలు. ధర సాధారణంగా ఎన్ని కంప్యూటర్లలో, లేదా ఎంతమంది వాడతారన్న లెక్క మీద ఉంటుంది. ఒక కంప్యూటరుకి కొని షాపులో ఉన్న నాలుగింటిలో వేస్తే తప్పే. చిన్న షాపులే కాదు, పెద్ద సంస్థలూ ఇక్కడే చిక్కుకుంటాయి. 2009లో అమెరికాలో ఫాంట్ బ్యూరో అనే ఫాంట్ల సంస్థ ఎన్‌బీసీ యూనివర్సల్ మీద వేసిన దావాలో ప్రధాన ఆరోపణ సరిగ్గా ఇదే. తీసుకున్న లైసెన్సు పరిధి కొన్ని కంప్యూటర్లకేనని, ఫాంట్లు అంతకు మించి పాకాయని.

ఎన్ని లేబుళ్లు అచ్చువేసినా డెస్క్‌టాప్ లైసెన్సులో లెక్కుండదని అందరూ అనుకుంటారు. ఎక్కువ సంస్థల విషయంలో అది నిజమే. కానీ టీషర్టులు, కప్పులు, స్టిక్కర్ల లాంటి అమ్మకపు సరుకు దగ్గర కొందరు ప్రత్యేకంగా గీత గీస్తారు. ఇన్ని ప్రతుల వరకే అనో, అక్షరాలే సరుకుగా అమ్మేట్టయితే, అంటే రబ్బరు స్టాంపుల సెట్టు, అతికించుకునే అక్షరాల షీటు లాంటివైతే, వేరే లైసెన్సు తీసుకోమనో ఉంటుంది. కొన్ని ఒప్పందాల్లో లోగో గురించి విడిగా ఒక వాక్యం ఉంటుంది. పచ్చళ్ల పేరు రేపు లోగోగా రిజిస్టరు చేయించాలనుకుంటే ఆ వాక్యాన్ని ముందే వెతుక్కోవాలి.

అచ్చు దగ్గర మనవాళ్లు రోజూ చేసే పొరపాటు మరొకటుంది. డిజైన్ ఫైలు ప్రెస్సుకి పంపితే అక్కడ ఓపెన్ కాగానే అక్షరాలు మారిపోతాయి. ‘ఫాంటు కూడా పంపండి సార్’ అని ఫోన్ వస్తుంది. ఫాంటు వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. దాంతో లైసెన్సు లేని కంప్యూటర్లో ఒక కాపీ పడ్డట్టే. కొన్ని ఒప్పందాలు ఆ ఒక్క పని అచ్చువేయడానికి ప్రెస్సుకి ఫాంటు ఇవ్వనిస్తాయి, చాలా ఒప్పందాలు ఇవ్వనివ్వవు. దీనికి మందు షాపులో అందరికీ తెలిసిందే: అక్షరాలను కర్వ్స్ చేసి పంపడం. కోరల్‌డ్రాలో Ctrl+Q, ఇలస్ట్రేటర్‌లో Ctrl+Shift+O. అక్షరాలు గీతలుగా మారిపోతాయి, ఇక ఫాంటుతో పని లేదు. ఫాంటు మారిపోతుందన్న భయంతో చేసే ఈ పని లైసెన్సు తగాదాను కూడా తప్పిస్తుంది. కర్వ్స్ చేశాక అక్షరదోషాలు దిద్దలేం కాబట్టి అసలు ఫైలు విడిగా దాచుకోవాలి.

ఇప్పుడు వెబ్‌సైటు. ఆవిడ అమెరికాలో ఉన్న బంధువుల కోసం ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. లేబులు మీది అందమే సైటు మీదా కనిపించాలంటారు. సైటు చేసేవాళ్లు ఇలా నాలుగు వరుసలు రాస్తారు:

```css
@font-face {
  font-family: "Ramabhadra";
  src: url("fonts/Ramabhadra-Regular.woff2") format("woff2");
}
```

ఇందులో చూడాల్సింది url ఉన్న వరుస. సైటు తెరిచిన ప్రతివాళ్ల బ్రౌజరూ ఆ చిరునామాకి వెళ్లి ఫాంటు ఫైలును తన దగ్గరికి తెచ్చుకుంటుంది. డాలస్‌లో ఎవరో గోంగూర పచ్చడి కోసం పేజీ తెరిస్తే ఫాంటు డాలస్ చేరినట్టే. అందుకే డెస్క్‌టాప్ లైసెన్సు ఇక్కడ పనికిరాదు, వెబ్ లైసెన్సు వేరే కొనాలి. దాని ధర చాలా చోట్ల నెలకి ఎన్ని పేజీ వ్యూలు అన్న లెక్కలో ఉంటుంది. మొదట చిన్న మెట్టు కొనుక్కుని, సంక్రాంతికి సైటు సందడిగా మారాక మెట్టు దాటిపోయిన సంగతి మర్చిపోవడం మామూలే.

దీన్ని తప్పించుకునే న్యాయమైన దారి కూడా ఉంది. ఇంగ్లిషు పేరు ఒక్కటే ఆ ఫాంటులో కావాలనుకుంటే, దాన్ని కర్వ్స్ చేసి బొమ్మగా సైటులో పెడితే సరిపోతుంది. అక్కడికి వెళ్లేది బొమ్మ, ఫాంటు కాదు. మిగతా రాతంతా వేరే ఫాంటులో నడుస్తుంది. పది అక్షరాల పేరు కోసం వెబ్ లైసెన్సు కొనడం నా దృష్టిలో అనవసరపు ఖర్చు.

విండోస్‌తో వచ్చే నిర్మల, గౌతమి ఫాంట్ల సంగతి కూడా ఇదే కొలతతో తేలిపోతుంది. వాటితో చేసిన కరపత్రం, పుస్తకం అచ్చువేసి అమ్ముకోవడానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా అడ్డు చెప్పదు. వాడిన సాఫ్ట్‌వేర్ విద్యార్థుల కోసమో, వ్యాపారేతర అవసరాలకో మాత్రమే ఇచ్చినది కాకూడదు, అంతే. కానీ ఆ ఫైలును సి డ్రైవులోంచి తీసి మన సైటు సర్వరులో పెట్టడానికి హక్కు లేదు. సైటు కోడులో font-family: "Nirmala UI" అని పేరు మాత్రం రాసుకోవచ్చు. అప్పుడు చదివేవాళ్ల కంప్యూటర్లో ఇప్పటికే ఉన్న ఫాంటు వాడతారు, మనం దేన్నీ పంపలేదు. ఫోన్‌లో చూసేవాళ్లకి ఆ ఫాంటు ఉండదు కనుక వేరే తెలుగు అక్షరాలు కనిపిస్తాయి, అది వేరే సంగతి.

యాప్ దగ్గర ఫైలు మరింత దూరం వెళ్తుంది. ఆండ్రాయిడ్ యాప్ ప్యాకేజీ నిజానికి ఒక జిప్ ఫైలే. పేరు చివర .apk తీసి .zip అని పెట్టి విప్పితే లోపల ఫోల్డర్లు కనిపిస్తాయి, వాటిలో ఫాంటు ఫైలు మామూలుగా పడి ఉంటుంది. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. ఫాంట్లు చేసేవాళ్లు యాప్ లైసెన్సుకు డెస్క్‌టాప్ కంటే బాగా ఎక్కువ అడగడానికి ఇదొక కారణం. ఇది సాధారణంగా ఒక్కో యాప్‌కి ఒక్కోటి. పచ్చళ్లతో పాటు పొడుల కోసం రెండో యాప్ వదిలితే మళ్లీ కొనాలి. కొనేవాళ్లే తమకు నచ్చిన పేరు టైపు చేసి గిఫ్టు ప్యాకు మీద వేయించుకునే సౌకర్యం పెడితే, దాన్ని ఇంకో మెట్టుగా లెక్కిస్తారు. అక్కడ ఫాంటుతో అక్షరాలు కూర్చేది మన డిజైనరు కాదు, దారిన పోయే ప్రతి కస్టమరూ.

పీడీఎఫ్, ఈబుక్‌లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. పీడీఎఫ్‌లో వాడిన అక్షరాల మేరకు ఫాంటు ముక్క ఇమిడిపోతుంది. ఎక్కువ డెస్క్‌టాప్ లైసెన్సులు దీన్ని ఒప్పుకుంటాయి. ఈబుక్‌లో ఫాంటు ఫైలు మొత్తం వెళ్తుంది కాబట్టి పుస్తకానికి ఇంత అని విడిగా ధర పెడతారు. విండోస్‌లో ఫాంట్ల ఫోల్డరు తెరిచి, వివరాల వరుసలో Font embeddability అనే గడి పెట్టుకుంటే ఒక్కో ఫాంటుకి ఎదురుగా Installable, Editable, Print and preview, Restricted అన్న మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇది ఫాంటు లోపల చేసినవాళ్లు పెట్టిన ఒక గుర్తు. అక్కడ Restricted అని ఉంటే ఆగాలి. Installable అని ఉన్నంత మాత్రాన అన్నిటికీ అనుమతి దొరికిందనుకోకూడదు. చాలా ఫాంట్లలో అది తయారీ సాఫ్ట్‌వేర్ పెట్టినట్టే మిగిలిపోతుంది. అసలు మాట లైసెన్సులోనే ఉంటుంది.

ఇంగ్లిషు అక్షరాలకి ఇన్ని మలుపులు తిరిగాం. అదే దారిలో తెలుగు ‘రామభద్ర’ను నడిపిస్తే ఎక్కడా ఆగక్కర్లేదు. లేబులు, సైటు, యాప్, ఈబుక్, టీషర్టు, అన్నిటికీ అనుమతి ఉంది, డబ్బు కట్టేది లేదు, కంప్యూటర్ల లెక్క లేదు. ఎందుకంటే దాని జిప్‌లో OFL.txt అనే చిన్న ఫైలు ఉంది. ఎస్‌ఐఎల్ సంస్థ తయారుచేసిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు అది. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.1 కూర్పు 2007లో వచ్చింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఎన్టీఆర్, గిడుగు, సురవరం, మండలి, ధూర్జటి లాంటి ఫాంట్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఈ లైసెన్సు కిందే దొరుకుతున్నాయి. నోటో తెలుగు ఫాంట్లదీ అదే లైసెన్సు. తెలుగులో అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిపి వందల ఆకారాలు గీయాలి. అంత పని చేసి ఇలా వదిలినవాళ్లున్నారంటే అది మనకి దక్కిన అదృష్టమే.

ఓపెన్ లైసెన్సులోనూ షరతులున్నాయి. ఫాంటును ఫాంటుగానే విడిగా అమ్మకూడదు. ‘వంద తెలుగు ఫాంట్లు, రెండొందల రూపాయలు’ అని వీటిని పోగుచేసి అమ్మేవాళ్లు చేస్తున్నది తప్పే. ఫాంటును ఎవరికైనా ఇస్తున్నప్పుడు కాపీరైటు వాక్యమూ లైసెన్సూ దానితోపాటే వెళ్లాలి. యాప్‌లలో ‘ఓపెన్ సోర్స్ లైసెన్సులు’ అని ఒక పేజీ కనిపించడానికి కారణం ఇలాంటి షరతులే. ఫాంటును మార్చి బయటికి వదిలితే ఆ కొత్తదాన్నీ ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి. పోస్టరు, పుస్తకం మాత్రం దీని కిందికి రావు, అవి మన సొంతమే.

సైట్లు చేసేవాళ్లు తరచు పట్టించుకోని షరతు మరొకటుంది. కొందరు ఫాంటు పేరును ‘రిజర్వు’ చేసుకుంటారు. OFL.txt పై వరుసలోనే Reserved Font Name అని కనిపిస్తే, ఫాంటును మార్చినవాళ్లు ఆ పేరు వాడకూడదని అర్థం. తెలుగు ఫాంట్లు బరువుగా ఉంటాయని, సైటు త్వరగా తెరుచుకోవాలని, వాడని అక్షరాలు కొన్ని తీసేసి ఫైలును చిక్కదీస్తుంటారు. లైసెన్సు లెక్కలో అదీ మార్చడమే. అలాంటప్పుడు ఫాంటుకి కొత్త పేరు పెట్టుకోవాలి. ఏదీ తీసేయకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు .woff2గా కుదిస్తే ఆ ఇబ్బంది లేదు. వత్తుల ఆకారాలు తీసేసినా తెలియడం లేదని తొందరపడి తీసినవాళ్లకి, ‘రాష్ట్రం’ అని టైపు చేసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

తెలుగు డీటీపీలో ఏళ్లుగా నడుస్తున్న అను, శ్రీలిపి ఫాంట్లు వేరే కోవ. అవి డబ్బు పెట్టి కొనే ప్యాకేజీలతో వస్తాయి. స్నేహితుడు పెన్‌డ్రైవులో ఇచ్చిన ఫోల్డరుతో లైసెన్సు రాదు. అడోబీ ఫాంట్స్‌లో చందా ఉన్నంతకాలం ఫాంట్లు వాడుకోవచ్చు, వాటితో లేబులూ లోగో చేసుకోవచ్చు, కానీ ఆ ఫైళ్లను సొంత సర్వరులో గానీ యాప్‌లో గానీ పెట్టనివ్వరు.

అన్నిటికంటే ప్రమాదం, ఖరీదైన ఫాంటును ఎవరో ఎక్కించి ‘ఫ్రీ’ అని ముద్ర కొట్టిన సైట్లు. చేసినవారి పేరుండదు, రీడ్‌మీ ఉండదు, ఒక్కోసారి ఫాంటు పేరే మార్చేసి ఉంటుంది. అయినా ఫైలు కడుపులో ఆనవాళ్లు మిగిలే ఉంటాయి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties, అందులో Details చూస్తే కాపీరైటు దగ్గర ఒక సంస్థ పేరు కనిపించవచ్చు. మ్యాక్‌లో ఫాంట్ బుక్ తెరిచి చూస్తే లైసెన్సు వివరమూ కనిపిస్తుంది. ఆ సంస్థ తన సైటులో అదే ఫాంటును అమ్ముతుంటే, మనం దించుకున్నది దొంగ సరుకన్నమాట.

ఈ ఉచ్చులో పడ్డవాళ్లలో ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఒకటుంది. ఇంటర్నెట్ పైరసీని అరికట్టడానికే పెట్టిన హడోపీ సంస్థ 2010 జనవరిలో తన లోగోను ఘనంగా బయటపెట్టింది. అందులోని అక్షరాలు ‘బియాన్‌వెన్యూ’ అనే ఫాంటువి. దాన్ని ఝాఁ ఫ్రాన్సువా పోర్షే ఒక్క ఫ్రాన్స్ టెలికాం కోసమే తయారుచేశారు. మరెవరికీ వాడుకునే హక్కు లేదు. లోగో గీసింది బయటి డిజైన్ సంస్థే అయినా నవ్వులపాలైంది హడోపీ. చివరికి లోగో మార్చుకోవాల్సి వచ్చింది. డిజైనరు చేసిన తప్పుకి లోకం ముందు నిలబడేది లోగో పెట్టుకున్నవాళ్లే. పచ్చళ్లావిడ విషయంలోనూ అంతే: నోటీసు వస్తే సీసా మీద పేరున్నవాళ్లకే వస్తుంది.

మన దేశంలో ఇదంతా ఎవరు అడుగుతారులే అనుకోవచ్చు. 1957 కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రాములకూ రక్షణ ఇస్తోంది, ఫాంటు ఫైలు కూడా ఒక సాఫ్ట్‌వేరే. పైగా సైటు, యాప్ అమెరికాలో తెరుచుకుంటాయి. ఫాంట్లు అమ్మేవాళ్లు వెబ్‌సైట్లను వెతికించి చూసుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు.

ఆవిడ లేబులుకి తేలికైన పరిష్కారం వేరే ఉంది. చేతిరాత వంపులే కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ‘గ్రేట్ వైబ్స్’, ‘డాన్సింగ్ స్క్రిప్ట్’, ‘పసిఫికో’ ఉన్నాయి, మూడూ ఓఎఫ్ఎల్ కింద వచ్చినవే. ఇక మీరు ఎక్కడినుంచి ఏ ఫాంటు దించుకున్నా, ఆ జిప్‌ను అలాగే పని ఫోల్డరులో దాచండి. లైసెన్సు పేజీని తేదీ కనిపించేట్టు స్క్రీన్‌షాట్ తీసి పక్కన పెట్టండి. షరతు అర్థం కాకపోతే ఫాంటు చేసినవాళ్లకి ఒక మెయిల్ రాసి, జవాబును కూడా అందులోనే ఉంచండి. డిజైన్ వేరేవాళ్లతో చేయించుకునేవారైతే డబ్బిచ్చేముందు ఆ ఫోల్డరును అడిగి తీసుకోండి.